డయాలసిస్ వార్డుకి పుస్తకాలు అడుగుతూ దాతకి రాసిన ఉత్తరం: నా అనుభవం

"ఏ పుస్తకాలు కావాలో ఒక కాగితం మీద రాసి పంపమ్మా, పది వేల దాకా నేను చూసుకుంటాను" అని పెద్దాయన ఫోన్లో అన్నది 2025 జూన్ మూడో వారంలో. ఆయనది సోంపేట దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా హైదరాబాదు వెళ్ళి, రిటైరై అక్కడే ఉండిపోయారు. నేను టీచరుగా రిటైరై, ఉద్దానంలోని ఒక ప్రభుత్వ డయాలసిస్ కేంద్రానికి వారానికి రెండు రోజులు వాలంటీరుగా వెళ్తున్నాను. ఊరు పేరు రాయడం లేదు, అక్కడ పనిచేసేవాళ్ళకి ఇబ్బంది రాకూడదని. ఆయన అడిగిన ఆ కాగితం రాయడానికి నాకు నెల పైనే పట్టింది. ఎందుకు పట్టిందో, తర్వాత ఏం జరిగిందో రాస్తున్నాను. ఆసుపత్రిలో ఇలాంటి పుస్తకాల మూల పెట్టాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని.

ముందు అక్కడ ఉన్న పరిస్థితి చెప్పాలి. నేను చేరేటప్పటికే వెయిటింగ్ హాల్లో ఒక ఇనుప బీరువా నిండా పుస్తకాలున్నాయి. అంతకు ముందు ఏడాది ఎవరో "మీ ఇంట్లో పడి ఉన్న పాత పుస్తకాలు ఇవ్వండి" అని ఊళ్ళో అడిగితే వచ్చినవి. ఎంసెట్ గైడ్లు, బ్యాంకు పరీక్షల మెటీరియల్, సగం వాడిన డైరీలు, బైండు చేయించిన పాత వారపత్రికలు, అట్ట తీస్తే వెండి రంగు పురుగులు పరిగెత్తే నవలలు. వీటి మధ్య ప్రకృతి వైద్యం పుస్తకాలు పది దాకా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మా హెడ్ సిస్టర్ నాకు తెరిచి చూపించింది. కిడ్నీ జబ్బుకి రోజూ పరగడుపున కొబ్బరినీళ్ళు తాగమని ఉంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు చాలా ప్రమాదం. అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగిపోతే గుండె ఆగిపోవచ్చు. ఉద్దానమంటేనే కొబ్బరితోటలు, కాయ కోసుకోవడానికి పెరట్లోకి వెళ్తే చాలు. అచ్చులో ఉన్న మాటకి మనవాళ్ళిచ్చే విలువ వేరు. "నాను సెప్పితే ఇనరు, పుస్తకంలో ఉందంటే ఇంతారు" అని సిస్టర్ ఆ బీరువాకి తాళం వేసేసింది. అప్పటి నుంచీ అది అలాగే ఉంది.

గైడ్లు మాత్రం వృథా పోలేదు. ఒక పేషెంటు కొడుకు, డిగ్రీ అయినవాడు, తండ్రిని తీసుకొచ్చిన ప్రతిసారీ హాల్లో కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. వాడి కోసమే సిస్టర్ అప్పుడప్పుడు తాళం తీసేది.

పెద్దాయన ఫోను వచ్చాక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. నాకు నచ్చిన పేర్లన్నీ వరసగా రాసేశాను. రాసి చూసుకుంటే, బడి లైబ్రరీకి ఇండెంటు పెట్టినట్టుంది. పక్కన పెట్టి, ముందు మంచాల దగ్గర నిలబడి చూడాలనుకున్నాను.

మా దగ్గర పది మెషీన్లున్నాయి, రోజుకి మూడు షిఫ్టులు. ఒక్కొక్కరు నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. నాలుగు గంటలు ఖాళీయే కదా, చదువుకోవడానికి అంతకన్నా ఏం కావాలి అనుకుంటాం. దగ్గర నుంచి చూస్తే అంత ఖాళీ కాదు. ఎక్కువమందికి ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రెండు రక్తనాళాల్ని కలిపి ఆపరేషన్ చేసిన చోటు, ఎడమ చేతికి ఉంటుంది. ఆ చేతికి రెండు సూదులు గుచ్చి ప్లాస్టరు వేస్తారు, దాన్ని మడవకూడదు, ఎత్తకూడదు. మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. బీపీ పట్టీ కట్టేది కూడా ఆ కుడి చేతికే, ఎందుకంటే ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడరు. కాసేపటికోసారి ఆ పట్టీ బిగుసుకుంటుంది. పుస్తకం పట్టుకుని ఉన్న చెయ్యి అలాగే గుండె మీదికి వాలిపోతుంది. మొదటి గంట సూదుల నొప్పితో, మెషీను సర్దుబాటుతో పోతుంది. చివరి గంటలో బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం. మధ్యలో రెండు గంటలు మనిషి కాస్త కుదురుగా ఉంటాడు. అది కూడా నిద్ర రాకపోతే.

అంటే చదివే పుస్తకం ఒంటి చేత్తో పట్టుకునేదై ఉండాలి. ఒంటి చేత్తోనే పేజీ తిప్పగలగాలి. ఎక్కడ ఆపినా, రెండు రోజుల తర్వాత వచ్చినప్పుడు కథ గుర్తుండాలి.

ఇంట్లో ఉన్న పుస్తకాలు కొన్ని సంచీలో వేసుకుని కిరాణా కొట్టుకి వెళ్ళి త్రాసు మీద తూయించాను. కొట్టబ్బాయి నా వైపు అదోలా చూశాడు, పాత పేపర్లకి వేస్తున్నాననుకున్నాడేమో. తర్వాత వాటినే వార్డులో ఒకాయన చేతికిచ్చి ఎంతసేపు పట్టుకోగలడో చూశాను. ఆయన కొబ్బరికాయలు దింపిన మనిషి, ఒకప్పుడు గట్టి చేతులే. అరకిలో నవల అయిదు నిమిషాలకే దించేశాడు. రెండొందల యాభై గ్రాముల లోపు ఉన్నది చాలాసేపు ఉంచుకున్నాడు. నూట యాభై గ్రాములదాన్నయితే పట్టుకున్న సంగతే మర్చిపోయాడు. బరువు లెక్క అక్కడ తేలింది.

బైండింగు సంగతి నేను ఊహించలేదు. వెన్నుకి జిగురు పెట్టి అంటించిన పుస్తకాన్ని ఒంటి చేత్తో తెరిస్తే వెంటనే మూసుకుపోతుంది. బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి, నాలుగు రోజులకి పేజీలు ఊడి వస్తాయి. మధ్యలో పిన్ను కొట్టిన పల్చటి పుస్తకమైతే వెనక్కి మడిచి పట్టుకోవచ్చు. కానీ మాది సముద్రపు గాలి. ఇక్కడ పిన్ను ఒక వానాకాలం దాటేసరికి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. దారంతో కుట్టినవి మేలు. దొరకకపోతే పిన్ను తీయించి దారం వేయించాలి. నిగనిగలాడే ఆర్టు కాగితం కూడా పనికిరాదు. పడుకుని చూసేవాళ్ళకి పైనున్న ట్యూబులైటు పేజీలో మెరిసి అక్షరం కనపడదు.

అక్షరాల సైజు తేల్చడానికి జెరాక్సు షాపులో ఒకే కథ పేజీని నాలుగు సైజుల్లో తీయించాను. షుగరు వల్ల కిడ్నీ పాడైనవాళ్ళకి కంటి చూపు కూడా దెబ్బతిని ఉంటుంది. మామూలు నవలల అచ్చు చూసి ఒక ముసలమ్మ, "ఏటి తల్లీ, సీమలు పాకినట్టున్నాయి" అంది. తెలుగులో అక్షరం కింద ఉండే ఒత్తు అక్షరం కన్నా చిన్నది. అక్షరం ఆనినా ఒత్తు ఆనదు, దాంతో మాట మారిపోతుంది. ఎక్కువమంది పదహారు పాయింట్లో ఆగారు. కొందరు పద్దెనిమిది కావాలన్నారు. అంత పెద్ద అచ్చులో పెద్దవాళ్ళ పుస్తకాలు దాదాపు దొరకవు, ఉండేవి పిల్లల పుస్తకాలే. అవి ఇస్తే ఒకాయనకి కోపం వచ్చింది, "బొమ్మల పుస్తకం సదవడానికి నానేమైనా గుంటడినా" అని. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పరమానందయ్య శిష్యుల కథలు, మర్యాద రామన్న కథలు లాంటివైతే పెద్దవాళ్ళకీ చిన్నతనంగా ఉండదు. చిన్నప్పుడు విన్నవే కాబట్టి మధ్యలో నిద్రపోయినా కథ పోదు.

ఇక అసలు చిక్కు హెడ్ సిస్టర్ దగ్గర వచ్చింది. జులై మొదటి వారంలో ఆవిడతో కూర్చున్నాను. డయాలసిస్‌లో ఒక మంచం దగ్గరికి వెళ్ళిన వస్తువు ఇంకో మంచం దగ్గరికి వెళ్ళాలంటే మందు పెట్టి తుడవాలి, లేదా ఆ పేషెంటుకే కేటాయించాలి, లేదా పారేయాలి. సూదులు, రక్తం ఉండే చోటు, కంటికి కనపడని చుక్క పడినా చాలు. కాగితాన్ని ఎలా తుడుస్తాం? "అట్ట తుడుస్తావు సరే, లోపల పేజీలో?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు ఇక ఈ పని అవదనిపించింది. పెద్దాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను.

దారి చూపించింది మళ్ళీ ఆవిడే. పేషెంట్లందరూ ఎవరి సంచీ వాళ్ళు తెచ్చుకుంటారు. అందులో దుప్పటి, బ్రెడ్డు ప్యాకెట్టు, కేస్ షీటు ఉంటాయి. పుస్తకాన్ని కూడా ఆ సంచీలోనే పెట్టేస్తే? పుస్తకం అరువిచ్చినట్టు కాకుండా ఆ మనిషిదే అయిపోతుంది. వాళ్ళు చదివి ఇంటికి తీసుకెళ్ళినా సరే, వెనక్కి అడగం. బీరువాలో పెట్టేవి హాల్లో కూర్చునే వాళ్ళ బంధువుల కోసం, అవి వార్డు లోపలికి రావు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి విడిగా గది, విడిగా మెషీను ఉంటాయి. ఆ గదికి ఇచ్చిన పుస్తకాలు ఆ గదిలోనే ఉంటాయి.

దీంతో ఉత్తరం మొత్తం మారిపోయింది. నలభై రకాల పుస్తకాలు ఒక్కోటి చొప్పున అడగాల్సింది పోయి, అయిదు రకాలు పదేసి చొప్పున అడగాలి. ఖరీదైన ఒక పుస్తకం కన్నా, పోయినా బాధ లేని పది చవక పుస్తకాలు కావాలి.

ఇంకో అడ్డంకి ఆఫీసులో ఉంది. ప్రభుత్వాసుపత్రికి ఎవరు ఏమిచ్చినా స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కిన వస్తువు పోతే ఆడిట్‌లో సంతకం పెట్టినవాళ్ళు సమాధానం చెప్పుకోవాలి. అందుకే దానంగా వచ్చిన పుస్తకాలు ఎక్కడైనా తాళం వెనకాలే కనిపిస్తాయి. సిబ్బందికి చదువు మీద ద్వేషం ఉండి కాదు, తమ జీతంలోంచి కోత పడుతుందేమోనన్న భయంతో. క్లర్కు గారిని అడిగితే ఆయనే ఉపాయం చెప్పారు. కుర్చీ, బీరువాల్లాగా శాశ్వత సామాను కింద కాకుండా, దూది, సబ్బుల్లాగా వాడితే అయిపోయే సామాను కింద రాయాలి. అందుకు సూపరింటెండెంటు గారి అనుమతి కాగితంలో ఆ మాట స్పష్టంగా ఉండాలి. దరఖాస్తులో "రోగులకు పంచి ఇచ్చేందుకు, తిరిగి తీసుకోబడవు" అని రాశాను. సంతకానికి దాదాపు మూడు వారాలు పట్టింది. ఒకసారి ఆయన మీటింగులో ఉన్నారు, ఇంకోసారి ఫైలు వేరే టేబుల్ మీద ఉంది. చివరికి జులై నెలాఖరులో చేతికొచ్చింది. అది వచ్చాకే ఉత్తరం పోస్టు చేశాను. దాతకి ముందు మాటిచ్చేసి తర్వాత అనుమతి రాకపోతే పరువు పోతుంది.

ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"గౌరవనీయులైన అన్నయ్య గారికి, నమస్కారాలు. మీరు అడిగినట్టు జాబితా రాస్తున్నాను. ఒకే పుస్తకం పదేసి ఎందుకని మీకు అనిపిస్తుంది. మా దగ్గర ఒకరి చేతిలోని పుస్తకం ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, ఎవరిది వాళ్ళకే. పరమానందయ్య శిష్యుల కథలు, మర్యాద రామన్న కథలు, తెనాలి రామకృష్ణ కథలు, పంచతంత్రం, తాత్పర్యంతో వేమన పద్యాలు, ఇవి పదేసి. ఒక్కోటి రెండొందల యాభై గ్రాములు మించకూడదు. అక్షరం ఈ ఉత్తరంతో జతచేసిన కాగితంలో ఉన్నంత సైజు ఉండాలి. ఆ కాగితాన్ని కొట్టుకి తీసుకెళ్ళి పక్కన పెట్టి చూడండి.

"సత్యం శంకరమంచి గారి అమరావతి కథలు రెండు ప్రతులు. అందులో నూరు కథలున్నాయి, ఒక్కోటి కొద్ది పేజీలే, ఒక్క విడతలో మూడు నాలుగు అయిపోతాయి. కానీ పుస్తకం బరువు. మీరు ఒప్పుకుంటే బైండరు చేత ఒక్కో ప్రతిని నాలుగు భాగాలుగా విడదీసి కుట్టిస్తాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టర్ పార్వతీశం మూడు, మొదటి భాగం విడిగా దొరికితేనే. అవి హాలుకి. అమ్మల వెంట వచ్చే పిల్లలకి మంచి బొమ్మల పుస్తకాలు ఓ ముప్పై.

"ఆరోగ్యం, ఆహారం, చిట్కా వైద్యం పుస్తకాలు ఏవీ వద్దు. దేవుడి పుస్తకాలు వద్దు, అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు, ఒకటిస్తే ఇంకోటి ఇవ్వాలి. ఇంట్లో పాతవి ఎంత బాగున్నా పంపవద్దు. వీళ్ళకి రోగనిరోధక శక్తి తక్కువ, పాత కాగితం బూజు, దుమ్ము పడవు. ఒడియా చదివేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళవి నేను బరంపురం నుంచి తెప్పించుకుంటాను. చివరిగా ఒకటి అడుగుతున్నాను, కాదనకండి. పుస్తకాల డబ్బులోనే కొంత చదివే కళ్ళజోళ్ళకి వాడుకోనివ్వండి."

కళ్ళజోళ్ళ సంగతి జెరాక్సు కాగితాలు చూపించిన రోజే తెలిసింది. సగం మంది "జోడు ఇంటికాడ ఉండిపోయింది" అన్నారు. గట్టిగా అడిగితే అసలు జోడే లేదు. అలాంటివాళ్ళకి పుస్తకమిచ్చి ఏం లాభం?

ఉత్తరం చేరినట్టు నాలుగైదు రోజుల్లో ఫోనొస్తుందనుకున్నాను. రాలేదు. వారం గడిచింది, రెండో వారం గడిచింది. "వద్దు" అన్న మాట ఎక్కువసార్లు రాశానా, పాతవి వద్దన్నందుకు నొచ్చుకున్నారా అని ఒకటే టెన్షన్. ఇచ్చేవాళ్ళకి షరతులు పెట్టడం మన దగ్గర అలవాటు లేదు, ఇచ్చింది కళ్ళకద్దుకుని తీసుకోవాలంటారు. ఆగస్టు పదిహేను దాటాక ఆయనే చేశారు. నొచ్చుకున్న మాట నిజమే, కానీ నేను భయపడ్డ చోట కాదు. అమరావతి కథల్ని ముక్కలు చేస్తానన్నందుకు. "బాపు బొమ్మలున్న పుస్తకమమ్మా, కత్తి పెడతానంటావేంటి" అన్నారు. వార్డులో మంచం, సూదులు, బీపీ పట్టీ అన్నీ వివరంగా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన ఇంట్లో ఉన్న అరకిలో పుస్తకమొకటి తెచ్చి పడుకుని ఒంటి చేత్తో పట్టుకుని చూశారట. మర్నాడు పొద్దున్నే మళ్ళీ చేసి, "కోయించు, కానీ కథ మధ్యలో మాత్రం తెగకూడదు" అన్నారు.

పన్ను మినహాయింపు రసీదు ఇస్తారా అని కూడా అడిగారు. ఆదాయపు పన్నులో మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే ఉంటుంది, వస్తువులకి ఉండదు. ఆసుపత్రి తరఫున ముట్టినట్టు కాగితం మాత్రమే ఇప్పించగలనని చెప్పాను. ఇది ముందే చెప్పడం మంచిదైంది, ఎందుకంటే ఆయన వాళ్ళబ్బాయి కూడా కొంత డబ్బు కలుపుదామనుకున్నది ఆ రసీదు కోసమేనట. అబ్బాయి ఏమీ కలపలేదు.

పుస్తకాలు కొనడానికి ఆయనకి ఇంకో మూడు వారాలు పట్టింది. కొట్టువాళ్ళు పది శాతం తగ్గించారు. తెనాలి రామకృష్ణ పెద్ద అచ్చులో దొరకలేదు. కొట్టువాడు దాని బదులు లావుపాటి సంకలనం ఇవ్వబోతే, ఆయన నేను పంపిన కాగితం తీసి అక్షరాల మీద పెట్టి చూపించి వద్దన్నారట. మర్యాద రామన్న ఇంకో పది తీసుకున్నారు. ఉత్తరంతో పాటు ఆ నమూనా కాగితం పంపకపోతే ఫోన్లో ఎంత చెప్పినా ఇది జరిగేది కాదు.

పంపడం పోస్టులోనే అయింది. పుస్తకాలకి ఇదివరకున్న రిజిస్టర్డ్ బుక్ పోస్టు తీసేశారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు. అయిదు కిలోల కట్టకి వంద రూపాయలు, పైన పన్ను. ట్రాకింగ్ నంబరు కూడా ఇస్తారు. రోడ్డు, రైలు మార్గంలో వస్తుంది కాబట్టి తొందర పడకూడదు. పధ్నాలుగు కిలోలు మూడు కట్టలయ్యాయి. ఆయన మనసాగక నాలుగు పాత వారపత్రికలు కూడా లోపల పెట్టబోయారట. పీరియాడికల్స్ ఈ రేటులో పోవని కౌంటర్లో తీయించేశారు. నేను మొహమాటపడి చెప్పలేని మాట పోస్టాఫీసువాళ్ళు చెప్పారు.

మూడు కట్టలూ ఒక రోజు రాలేదు. రెండు సెప్టెంబరు మూడో వారంలో వచ్చాయి, మూడోది ఇంకో వారానికి. ఒక కట్ట మూల తడిసింది. లోపల పాలిథిన్ చుట్టి ఉండబట్టి రెండు పుస్తకాలే ఉబ్బాయి. వాటిని ఎండబెట్టినా వార్డుకి ఇవ్వలేదు. బూజు వస్తుందని సిస్టర్ ఒప్పుకోలేదు.

బైండరు పని నేను పక్కనే కూర్చుని చేయించుకున్నాను. ఆయన వెన్ను మీది జిగురుని తడిగుడ్డతో నానబెట్టి, అట్ట ఊడదీసి, ఇరవై అయిదేసి కథల దగ్గర విడదీశాడు. ఒక చోట ఒక కథ అయిపోయిన పేజీ వెనకాలే ఇంకో కథ మొదలైంది. ఎటు కోసినా ఒక కథ పేజీ ఒకటి పక్క భాగంలోకి పోతుంది. ఆ ఒక్క పేజీని జెరాక్సు తీయించి రెండో భాగం ముందు అంటించాం. పెద్దాయన షరతు నిలబడింది. సూదితో మూడు చోట్ల దారం వేసి, గోధుమరంగు అట్ట కట్టాడు. ఎనిమిది భాగాలకి మూడొందల ఇరవై తీసుకున్నాడు. అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు వేయడానికి రోలు మూడొందల యాభై. కళ్ళజోళ్ళు డజను, ఒక్కోటి నూట ఇరవై. రెండు, రెండున్నర పవరువి ఎక్కువ తీసుకున్నాను, మూడుది తక్కువ. ఇవి దూరం చూపుకి కాదు, కంటి డాక్టరు చూసి రాసిన జోడుకి బదులు కూడా కాదు. చేతికిచ్చేటప్పుడు ఆ మాట చెప్పే ఇచ్చాం. పుస్తకాలకి ఏడు వేల నాలుగొందలు, పోస్టుకి మూడొందల యాభై పైన. అన్నీ పోను పది వేలలో నూట ముప్పై ఆరు రూపాయలు మిగిలితే ఆ లెక్క కాగితం ఫొటో తీసి పెద్దాయనకి పంపాను. "ఉంచు, దారానికి పనికొస్తుంది" అన్నారు.

దసరా వెళ్ళాక పంచడం మొదలుపెట్టాం. నేననుకున్నట్టు జరిగినవి కొన్నే. వేమన పద్యాలు ముందు అయిపోతాయనుకున్నాను, మర్యాద రామన్న అయిపోయింది. భూమి తగాదాలున్న మగవాళ్ళు దాన్ని వదల్లేదు. తీర్పు చదివే ముందు ఆపి, పక్క మంచం ఆయన్ని "నువ్వయితే ఏటి సెప్తావు" అని అడగడం. వీళ్ళిద్దరి మధ్య మెషీను అలారం మోగుతుంటే టెక్నీషియన్ వచ్చి ఆపాల్సి వచ్చేది. అమరావతి కథలు ఎక్కువమంది పట్టుకోలేదు. కానీ పట్టుకున్న నలుగురూ నాలుగు భాగాలూ కావాలన్నారు. ఎవరి పుస్తకం వాళ్ళదే అన్న పద్ధతి అక్కడ అడ్డొచ్చింది. ఇల్లు చేరిన భాగాల్ని వాళ్ళలో వాళ్ళే మార్చుకుంటున్నారని తర్వాత తెలిసింది. సిస్టర్‌కి తెలుసు. మార్చుకునేది వార్డులో కాదు కాబట్టి ఊరుకుంది.

చదవడం రానివాళ్ళ కోసం నేను పెద్దగా చదువుదామని మొదటి రోజు ప్రయత్నించాను. పది మెషీన్ల చప్పుడులో గొంతు పోయింది, నిద్రపోయేవాళ్ళు విసుక్కున్నారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే వాళ్ళ మంచం పక్కన స్టూలేసుకుని వాళ్ళకి మాత్రం వినపడేట్టు చదువుతున్నాను. మెడలో క్యాథెటర్ గొట్టం ఉన్నవాళ్ళకి రెండు చేతులూ ఖాళీగానే ఉంటాయి, కానీ మెడ తిప్పడానికి లేదు. పుస్తకాన్ని కళ్ళకెదురుగా ఎత్తి పట్టుకోవాలి. వాళ్ళకి నూట యాభై గ్రాములు కూడా బరువే.

పన్నెండు కళ్ళజోళ్ళలో నెల తిరిగేసరికి అయిదు కనపడలేదు. వాటిని కూడా పుస్తకాల లెక్కలోనే రాయించాను కాబట్టి ఎవరూ అడగలేదు. ఒకటి ఎక్కడికి పోయిందో తెలుసు. ఒక పేషెంటు భార్య బీడీల కంపెనీ లెక్కల పుస్తకం చూసుకోవడానికి పెట్టుకుంటోంది. మరి ఆమె నుంచి ఎలా తీసుకుంటాం?

నవంబరులో పెద్దాయన మళ్ళీ ఏం పంపమంటావని అడిగారు. ఈసారి ఉత్తరం అరపేజీలో అయిపోయింది. మర్యాద రామన్న ఇరవై, పరమానందయ్య శిష్యులు పది, అమరావతి కథలు ఇంకో రెండు, పిల్లల బొమ్మల పుస్తకాలు ఇప్పుడే వద్దు, రెండున్నర పవరు జోళ్ళు పది. పుస్తకాలు ఎనభై పేజీలు దాటనివి చూడమని రాశాను. తెనాలి రామకృష్ణ పెద్ద అచ్చులో ఎక్కడైనా కనపడితే మాత్రం ధర చూడకుండా తీసుకోమన్నాను.